ట్రెండు బలాన్ని కొలిచే ఏడీఎక్స్

షేరు ధరల చార్టు కింద మూడు గీతలుగా కనిపించే ఏడీఎక్స్, అంటే యావరేజ్ డైరెక్షనల్ ఇండెక్స్, ధర ఏదో ఒక వైపు ఎంత పట్టుగా సాగుతోందో చెప్పే సూచిక. ఆ వైపు పైకా కిందకా అన్నది దీని పని కాదు. ఆ సంగతి పక్కనే ఉండే రెండు గీతలు, ప్లస్ డీఐ, మైనస్ డీఐ చూసుకుంటాయి. తెర మీద వీటి పేర్లు ADX, +DI, -DI అని ఉంటాయి. ఏడీఎక్స్ పెరిగితే ధర పెరుగుతుందని అనుకోవడం కొత్తవాళ్లలో బాగా కనిపించే పొరపాటు. లెక్క ఎలా పుడుతుందో ఒక్కసారి చూస్తే ఆ భ్రమ తొలగిపోతుంది.

మెకానికల్ ఇంజినీరుగా పనిచేసి తర్వాత కమోడిటీ ట్రేడింగులోకి వచ్చిన అమెరికన్ వెల్స్ వైల్డర్ 1978లో అచ్చువేసిన పుస్తకంలో దీన్ని పరిచయం చేశాడు. ఆర్ఎస్ఐ, పారబాలిక్ సార్ కూడా ఆ పుస్తకంలోవే. ఇళ్లలో కంప్యూటర్లు లేని రోజులవి. అందుకే లెక్కంతా కాగితం మీద, రోజుకో వరుస చొప్పున చేసుకునేలా ఉంటుంది.

వైల్డర్ వేసుకున్న మొదటి ప్రశ్న చాలా చిన్నది. నిన్నటి పరిధిని దాటి ఈ రోజు ధర ఎటువైపు ఎక్కువగా జరిగింది? ఉదాహరణకు ఒక షేరు నిన్న 490కీ 500కీ మధ్య తిరిగి 494 దగ్గర ముగిసిందనుకుందాం. ఈ రోజు కనిష్ఠం 492, గరిష్ఠం 508, ముగింపు 506. పైవైపు నిన్నటి గరిష్ఠాన్ని 8 రూపాయలు దాటింది, కిందివైపు నిన్నటి కనిష్ఠాన్ని తాకనే లేదు. కాబట్టి ఈ రోజు ప్లస్ ఖాతాలో 8, మైనస్ ఖాతాలో సున్నా. మర్నాడు షేరు 489 నుంచి 510 దాకా ఊగిందనుకుంటే, పైకి 2, కిందకి 3 జరిగినట్టు. ఇక్కడ వైల్డర్ నియమం కఠినమైనది: రెండింటిలో పెద్దదే నిలుస్తుంది, చిన్నది లెక్కలోకి రాదు. మైనస్‌లో 3 పడుతుంది, ప్లస్‌లో సున్నా. మూడో రోజు ధర అంతకు ముందు రోజు పరిధి దాటకుండా లోపలే తిరిగితే రెండు ఖాతాల్లోనూ సున్నాయే.

ఒక షేరు 8 రూపాయలు జరగడం పెద్ద విషయమా కాదా అన్నది ఆ షేరు రోజూ ఎంత ఊగుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. అందుకే ఈ అంకెలను ట్రూ రేంజ్‌తో భాగిస్తారు. ఆ రోజు గరిష్ఠ కనిష్ఠాల తేడా, నిన్నటి ముగింపు నుంచి నేటి గరిష్ఠానికి ఉన్న దూరం, నిన్నటి ముగింపు నుంచి నేటి కనిష్ఠానికి ఉన్న దూరం, ఈ మూడింటిలో పెద్దదాన్ని ట్రూ రేంజ్ అంటారు. పైన చెప్పిన మొదటి రోజుకు అది 508 నుంచి 492 తీసేస్తే వచ్చే 16. నిన్నటి ముగింపును కలుపుకోవడం వల్ల రాత్రికి రాత్రి వచ్చిన గ్యాపు కూడా లెక్కలోకి వస్తుంది.

ఇలా 14 రోజులు కూడబెడితే ప్లస్ మొత్తం 60, మైనస్ మొత్తం 20, ట్రూ రేంజ్ మొత్తం 200 వచ్చాయనుకుందాం. 60ని 200తో భాగించి వందతో గుణిస్తే ప్లస్ డీఐ 30. అలాగే మైనస్ డీఐ 10. ఈ రెండు గీతల మధ్య ఎడం ఎంతో చూడటమే తర్వాతి మెట్టు: తేడా 20, మొత్తం 40, తేడా మొత్తంలో 50 శాతం. దీని పేరు డీఎక్స్.

దిశ మాయమయ్యేది సరిగ్గా ఈ మెట్టు దగ్గరే. ధర పడిపోతున్న షేరులో ప్లస్ డీఐ 10, మైనస్ డీఐ 30 ఉన్నా తేడా 20గానే తీసుకుంటారు, గుర్తు పట్టించుకోరు. డీఎక్స్ మళ్లీ 50. 2020 మార్చిలో కరోనా భయంతో మార్కెట్లు కూలినప్పుడు ఇదే కనిపించింది. జనవరి 20న 12,430 తాకిన నిఫ్టీ, మార్చి 24న 7,511కి పడిపోయింది. ఆ పతనం సాగుతున్న కొద్దీ ఏడీఎక్స్ పైకి వెళ్లింది. మైనస్ గీత పైన, ప్లస్ గీత కింద ఉండటాన్ని బట్టే అది పతనపు బలమని తెలుస్తుంది.

రోజువారీ డీఎక్స్ విపరీతంగా ఎగిరిపడుతుంది కాబట్టి దాన్ని నునుపు చేస్తే ఏడీఎక్స్ వస్తుంది. నిన్నటి ఏడీఎక్స్‌ను 13తో గుణించి, నేటి డీఎక్స్ కలిపి, 14తో భాగిస్తారు. నిన్న 22 ఉండి ఈ రోజు డీఎక్స్ 50 వచ్చినా, 286కి 50 కలిపి భాగిస్తే 24 మాత్రమే. మర్నాడూ 50 వస్తే 26కి కాస్త దగ్గరగా చేరుతుంది. వాడుకలో 20 కంటే తక్కువైతే ట్రెండు లేదనీ, 25 దాటితే ట్రెండు ఉందనీ అంటారు. ఇవి అనుభవం మీద నిలిచిన గీతలే, ప్రతి షేరుకూ ఒకేలా పనిచేయవు. పైగా ఇంత నెమ్మదిగా కదిలే సూచిక 25 దాటేసరికి కదలికలో కొంత భాగం అప్పటికే అయిపోయి ఉంటుంది. నునుపుకు చెల్లించక తప్పని ధర ఇది.

నిజంగా ఉపయోగపడే చోటు ఇంకొకటి ఉంది. ప్లస్ గీత మైనస్ గీతను దాటితే కొనాలనీ, కిందకు దిగితే అమ్మాలనీ ఒక వాడుక ఉంది. ధర ఒక పరిధిలో అటూ ఇటూ కొట్టుకుంటున్నప్పుడు ఈ గీతలు వారానికోసారి పెనవేసుకుంటాయి. ప్రతి దాటుడునూ నమ్మినవారు ఎక్కువ ధరకు కొని తక్కువకు అమ్ముకుంటూ, ప్రతిసారీ బ్రోకరేజీ కట్టుకుంటూ పోతారు. అలాంటి రోజుల్లో ఏడీఎక్స్ అడుగున, ఎదుగూ బొదుగూ లేకుండా పడి ఉంటుంది. దాటుడును పట్టించుకోవద్దని చెప్పే ఆ నిరాకరణే, కొనుగోలు సూచన కంటే విలువైనది.

ఏడీఎక్స్ తగ్గడాన్ని చదివేటప్పుడు మరీ జాగ్రత్త కావాలి. గట్టి పతనం ఒక్కసారిగా ఎదురు తిరిగితే మైనస్ డీఐ దిగుతుంది, ప్లస్ డీఐ ఎక్కుతుంది. రెండూ కలిసే దాకా వాటి తేడా సున్నా వైపు పోతుంది కాబట్టి డీఎక్స్ పడక తప్పదు, దాని వెంట ఏడీఎక్సూ దిగుతుంది. నిఫ్టీ 2020 ఏప్రిల్ చివరికి 9,800 దాటింది. అంతటి ఎగుడు మొదలైన వేళ కూడా ఇలా దిగే ఏడీఎక్స్ చెప్పేది పాత ట్రెండు సడలిందని మాత్రమే, ధర బలహీనపడిందని కాదు. అప్పుడు మూడు గీతలనూ, ధర చార్టునూ కలిపి చూడాల్సిందే.

ఒకే షేరుకు రెండు సైట్లలో రెండు రకాల ఏడీఎక్స్ కనిపించడం కూడా మామూలే. మొదటి విలువ రావడానికే సుమారు 28 రోజుల ధరలు కావాలి, ఆ మొదటి విలువ ప్రభావం తర్వాత చాలా రోజుల దాకా లెక్కలో మిగిలే ఉంటుంది. కొన్ని నెలల ధరలతో మొదలుపెట్టిన లెక్కా, ఏళ్ల ధరలతో మొదలుపెట్టిన లెక్కా ఒకే తేదీకి వేరుగా చూపవచ్చు. కనీసం 150 రోజుల చరిత్ర వెనక ఉంటే ఆ తేడా దాదాపు కరిగిపోతుంది. కొత్తగా లిస్టయిన షేరుకు ఆ చరిత్రే ఉండదు కాబట్టి, తొలి నెలల్లో దాని ఏడీఎక్స్ 25 దాటిందన్న మాటకు పెద్దగా బరువు ఇవ్వకూడదు.