డిగ్రీ పట్టాకు అపోస్టిల్: ముందు ఏది, తర్వాత ఏది?

బొలోన్యాలోనో మిలాన్‌లోనో అడ్మిషన్ల విభాగంలో కూర్చున్న ఉద్యోగికి కాకినాడ జేఎన్‌టీయూ పట్టా మీది సంతకం ఎవరిదో తెలియదు. తెలిసే దారి కూడా లేదు. భారత విదేశాంగ శాఖ ‘సంతకం నిజమే’ అంటే ఆయన నమ్ముతాడు. అయితే దేశంలోని ప్రతి విశ్వవిద్యాలయం సంతకాన్నీ విదేశాంగ శాఖ మాత్రం ఎలా గుర్తుపడుతుంది? దానికి తెలిసింది రాష్ట్ర సచివాలయంలో ఈ పని చూసే అధికారి సంతకం. ఆ అధికారికేమో విశ్వవిద్యాలయం పరీక్షల విభాగం మాట ఇవ్వాలి. అంటే ఒక్కో ముద్ర తనకు ముందున్న సంతకం అసలైనదని మాత్రమే చెబుతుంది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే పనుల వరుస ఎవరినీ అడగక్కర్లేదు.

పట్టాలో రాసిన మార్కులు నిజమా, ఆ కాలేజీ మంచిదా అన్నవి అపోస్టిల్ చెప్పదు. సంతకం ఎవరిది, ఏ హోదాలో చేశారు, ముద్ర ఎవరిది అన్నంతవరకే దాని హామీ. 1961 అక్టోబర్ 5న హేగ్‌లో కుదిరిన ఒప్పందం ఈ పద్ధతికి మూలం. మన దేశంలో అది 2005 జులై 14 నుంచి అమల్లో ఉంది. ఒప్పందంలో ఉన్న దేశానికి వెళ్లేటప్పుడు విదేశాంగ శాఖ పత్రం వెనక అంటించే స్టిక్కర్‌తో అటెస్టేషన్ పూర్తవుతుంది. ఆ దేశపు ఎంబసీ ముద్ర మళ్లీ అక్కర్లేదు. అసలు ఎంబసీ ముద్ర బెడద తప్పించడానికే ఆ ఒప్పందం పుట్టింది. కాబట్టి అలాంటి దేశానికి ‘అపోస్టిల్, ఆపైన ఎంబసీ అటెస్టేషన్’ అని ఎవరైనా రెండింటికీ డబ్బు అడిగితే, రెండోది ఎందుకో కాగితం మీద చూపించమనండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కాకినాడలో బీటెక్ చేసిన అమ్మాయికి ఇటలీలో మాస్టర్స్ సీటు వచ్చింది. ఇటలీ ఒప్పందంలో ఉన్న దేశమే. ఆమె మొదట చేయాల్సింది విశ్వవిద్యాలయానికి మెయిల్ రాసి ఏయే పత్రాలకు అపోస్టిల్ కావాలో లిఖితపూర్వకంగా తెలుసుకోవడం. కొన్నిచోట్ల పట్టా, మార్కుల మెమో చాలంటారు, కొన్నిచోట్ల ఇంటర్ మెమో కూడా అడుగుతారు. ఒక్కో పత్రానికీ ఖర్చూ సమయమూ వేరే కాబట్టి అడగని కాగితానికి స్టిక్కర్ వేయించుకోవడం దండగ.

తర్వాత పేరు చూసుకోవాలి. మన తెలుగువాళ్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఇదే. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, బీటెక్ పట్టాలో పేరు చివరికి చేరుతుంది. ఒకే మనిషి పేరు మూడు రకాలుగా కనిపిస్తుంది. ముద్రలన్నీ పడ్డాక ఇది బయటపడితే, పత్రం సరిచేయించుకుని మళ్లీ మొదటి మెట్టు నుంచి రావాలి. అందుకే ఒరిజినల్స్ అన్నీ పాస్‌పోర్టు పక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చి, తేడా ఉంటే బోర్డులోనో విశ్వవిద్యాలయంలోనో ముందే తేల్చుకోవాలి. ల్యామినేషన్ చేయించిన పత్రం కూడా పనికిరాదు, స్టిక్కర్ కాగితం మీదే అంటాలి కదా.

ఇక అసలు వరుస. జేఎన్‌టీయూ నుంచి పత్రం అసలైనదేనని ధ్రువీకరణ తీసుకోవడం మొదటి మెట్టు. మనవాళ్లు దీన్ని జెన్యూన్‌నెస్ అంటారు. ఇంటర్ మెమోకు ఇంటర్ బోర్డు, టెన్త్ మెమోకు ఎస్సెస్సీ బోర్డు ఆ మాట చెప్పాలి. రెండో మెట్టు రాష్ట్ర ప్రభుత్వ అటెస్టేషన్. దీన్నే ఏజెంట్లు హెచ్‌ఆర్‌డీ అని పిలుస్తారు. ఇక్కడ చాలామంది పొరబడతారు. అటెస్ట్ చేయాల్సింది మీరు ఉంటున్న రాష్ట్రం కాదు, పత్రం ఇచ్చిన సంస్థ ఉన్న రాష్ట్రం. ఈ అమ్మాయి కుటుంబం హైదరాబాద్‌లో ఉన్నా ఆమె పట్టా పని ఆంధ్రప్రదేశ్‌లోనే జరగాలి. అదే చెన్నైలో చదివి ఉంటే తమిళనాడు ప్రభుత్వం దగ్గరికే పోవాలి. ఢిల్లీలో సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ ముద్రతో పని త్వరగా ముగిస్తామని ఏజెంట్లు అంటుంటారు. విదేశాంగ శాఖ దాన్ని స్వీకరిస్తుంది గానీ విద్యా పత్రాలకు రాష్ట్ర ముద్రే కావాలని పట్టుబట్టే చోట్లు ఉన్నాయి. మీరు పంపబోయే చోట అది చెల్లుతుందో లేదో అడిగాకే ఆ దారి పట్టండి.

మూడో మెట్టు విదేశాంగ శాఖ. అక్కడ విద్యార్థి నుంచి నేరుగా కాగితాలు తీసుకోరు. ఆ శాఖ నియమించిన సేకరణ ఏజెన్సీల ద్వారానే ఇవ్వాలి. హైదరాబాద్‌లోనే ఈ పని అవుతుంది, ఢిల్లీ వెళ్లక్కర్లేదు. అపోస్టిల్‌కు ప్రభుత్వ రుసుం పత్రానికి 50 రూపాయలే, దానిపైన ఏజెన్సీ సేవా రుసుం ఉంటుంది. బయటి ఏజెంట్లు వేలల్లో అడిగే మొత్తంలో ఎక్కువ భాగం మొదటి రెండు మెట్ల దగ్గర తిరిగినందుకే. తిరిగే తీరిక మీకుంటే ఆ డబ్బు మిగులుతుంది.

ఇటాలియన్ అనువాదం ఈ మూడూ అయ్యాకే చేయించాలి. తొందరపడి ముందే చేయిస్తే స్టిక్కర్ మీది వివరాలు అనువాదంలోకి రావు, తిరిగి చేయించమంటారు. ఆ తర్వాతే ఇటలీ కాన్సులేట్ ఇచ్చే డిక్లరేషన్ ఆఫ్ వాల్యూ గానీ, సిమేయా సంస్థ ఇచ్చే ధ్రువీకరణ గానీ. మన డిగ్రీ అక్కడ ఏ స్థాయి చదువుకు సమానమో చెప్పేవి ఇవే. అపోస్టిల్ వీటికి బదులు కాదు, వీటికి ముందు పడాల్సిన మెట్టు.

అదే అమ్మాయి దుబాయ్‌కో దోహాకో వెళ్తుంటే మొదటి రెండు మెట్లూ మారవు. యూఏఈ, ఖతార్ హేగ్ ఒప్పందంలో లేవు కాబట్టి విదేశాంగ శాఖ అపోస్టిల్‌కు బదులు మామూలు అటెస్టేషన్ చేస్తుంది. ఆపైన భారత్‌లోని ఆ దేశపు ఎంబసీ ముద్ర, చివరికి అక్కడి విదేశాంగ శాఖ ధ్రువీకరణ. సౌదీ మాత్రం 2022 డిసెంబర్‌లో, కెనడా 2024 జనవరిలో అపోస్టిల్ పద్ధతిలోకి వచ్చాయి. ఐదేళ్ల కిందట వెళ్లిన అన్నయ్య అనుభవం ఈ రెండు దేశాల విషయంలో చెల్లదు.

జర్మనీ సంగతి వేరు. అది ఒప్పందంలో ఉన్నా భారత్ చేరికకు అభ్యంతరం చెప్పింది. దాంతో రెండు దేశాల మధ్య అపోస్టిల్ నడవదు. మన విద్యార్థుల పత్రాలను ఏపీఎస్ అనే విభాగం పరిశీలిస్తుంది. దాని సర్టిఫికెట్ 2022 నవంబర్ నుంచి స్టూడెంట్ వీసాకు తప్పనిసరి. ‘జర్మనీకి అపోస్టిల్’ అని ఎవరైనా ప్యాకేజీ అమ్మజూపితే ఒప్పుకోకండి. అమెరికా, బ్రిటన్ విశ్వవిద్యాలయాలు కూడా సాధారణంగా ట్రాన్‌స్క్రిప్టులే అడుగుతాయి, అపోస్టిల్ అడగవు.

ఒరిజినల్ పట్టా చేతులు మారేటప్పుడు రసీదు తప్పక తీసుకోండి, ఇచ్చేముందు రెండు వైపులా స్కాన్ చేసి ఉంచుకోండి. పత్రం తిరిగి వచ్చిన రోజే స్టిక్కర్ మీది నంబర్‌ను విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. నకిలీ స్టిక్కర్ అయితే ఇక్కడే తెలుస్తుంది, వీసా కౌంటర్ దాకా పోదు. అసలు స్టిక్కర్‌కు గడువు తేదీ ఉండదు. ఫైనలియర్‌లో ఉన్నవాళ్లు ప్రొవిజనల్‌తో ఆగకుండా ఓడీకి దరఖాస్తు పెట్టి, అది చేతికి రాగానే జెన్యూన్‌నెస్ పని మొదలుపెట్టండి. మొత్తం వరుసలో ఎక్కువ రోజులు పోయేది అక్కడే.