క్యాను మెడ కింద పేరుకునే గార

ఎండాకాలంలో సాయంత్రం పాలు కేంద్రంలో కాచి చూసినప్పుడు విరిగాయంటే రైతు ముందు గేదెను అనుమానిస్తాడు. తర్వాత మేతను, ఆ తర్వాత ఎండను. రోజూ కడుగుతున్నదే కదా అని క్యాను మీదికి అనుమానం పోదు.

ప్రకాశం జిల్లాలో నాలుగు పాడి గేదెలున్న ఒక ఇంట్లో ఇలాగే జరిగింది. వాళ్లకు 20 లీటర్ల స్టీలు క్యాన్లు రెండున్నాయి. ఒకటి పొద్దుటి పాలకు, ఒకటి సాయంత్రం పాలకు. పొద్దుటి పాల మీద ఎప్పుడూ మాట రాలేదు. సాయంత్రం పాలు మాత్రం వారంలో రెండు మూడుసార్లు వెనక్కి వచ్చేవి. సాయంత్రం ఎక్కువ ఎండ ఉంటుంది కాబట్టి అంతేలే అనుకున్నారు. ఆ ఇంటి కోడలు ఒక వారం క్యాన్లు మార్చి చూసింది. ఈసారి విరిగినవి పొద్దుటి పాలు. సాయంత్రం పాలు నిలిచాయి. అంటే తప్పు పూటది కాదు, గేదెది కాదు, ఆ రెండో క్యానుది.

తేడా ఎక్కడుందో అడిగితే తేలింది. పొద్దుటి క్యాను కేంద్రం నుంచి రాగానే కడిగేవారు. సాయంత్రం క్యాను ఇంటికి చేరేసరికి చీకటి పడేది. మూత పెట్టి ఉన్నదాన్ని అలాగే వసారాలో పెట్టి, మర్నాడు పొద్దున కడిగేవారు. రాత్రంతా ఎండిన పాలు తేలిగ్గా పోవు కాబట్టి, శుభ్రంగా ఉండాలన్న పట్టుదలతో సలసల కాగే నీళ్లు పోసి కడిగేవారు. ఆలస్యం ఒక తప్పయితే, మొదటే మరిగే నీళ్లు పోయడం అంతకంటే పెద్ద తప్పు.

ఎందుకో తెలియాలంటే క్యాను గోడకు అంటుకునేది ఏమిటో చూడాలి. ఖాళీ చేసిన క్యానులో మిగిలే పల్చటి పాల పొరలో వెన్న ఉంటుంది, మాంసకృత్తులు ఉంటాయి, పాల చక్కెర ఉంటుంది, సున్నం లాంటి ఖనిజ లవణాలు ఉంటాయి. ఇవన్నీ ఒకే మందుకు లొంగవు. చక్కెర మామూలు నీళ్లకే పోతుంది. వెన్న చన్నీళ్లలో గడ్డకట్టి గోడకు అంటుకుంటుంది, గోరువెచ్చని నీళ్లలో కరిగి వదులుతుంది. మాంసకృత్తులు మాత్రం వేడికి కోడిగుడ్డు తెల్లసొనలా గట్టిపడతాయి. పాలంటిన క్యానులో మరిగే నీళ్లు పోస్తే మనమే ఆ పొరను గోడకు ఉడికించి అతికించినట్టు. దాని మీద పాలలోని సున్నం, బోరు నీళ్లలోని సున్నం చేరి రోజుకింత గట్టిపడుతుంది. కొన్ని వారాలకు అది లేత పసుపు, బూడిద రంగు కలిసిన గారగా మారుతుంది. దాన్ని పాల గార అంటారు.

ఈ గార గరుకుగా ఉంటుంది. దానిలోని సందుల్లో పాలను పులియబెట్టే సూక్ష్మజీవులు తలదాచుకుంటాయి. కొత్త పాలు పోయగానే అవి పాల చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మార్చడం మొదలుపెడతాయి. తాజా పాలలో ఆమ్లం సుమారు 0.13 నుంచి 0.16 శాతం ఉంటుంది. అది 0.2 శాతం దాటే సరికి కాచినప్పుడు పాలు విరిగే స్థితికి వస్తాయి. ఎండాకాలపు వేడిలో ఈ జీవులు సుమారు అరగంటకోసారి రెట్టింపవుతాయి. క్యానులోంచి అవి పది రెట్లు ఎక్కువగా పాలలో కలిశాయనుకుందాం. అరగంటకు రెట్టింపయితే పది రెట్లు కావడానికి దాదాపు గంటన్నర పైన పడుతుంది. అంటే పాలు పితికి పోసిన క్షణంలోనే గంటన్నర పైగా నిలవ ఉన్న పాలతో సమానమయ్యాయన్నమాట. ఊరి నుంచి శీతలీకరణ కేంద్రానికి చేరే సమయంలో ఆ గంటన్నరే లెక్క మార్చేస్తుంది.

ఇప్పుడు కడిగే క్రమం చూద్దాం. ఇందులో వరస ముఖ్యం, సామగ్రి తర్వాత. క్యాను ఖాళీ కాగానే, వీలైతే కేంద్రం దగ్గరే, మామూలు నీళ్లతోనైనా ఒకసారి పుక్కిలించి పారబోయాలి. మూత బిగించి ఎండలో బండికి కట్టి తెచ్చిన ఖాళీ క్యాను పులియబెట్టే కుండ కంటే తక్కువేమీ కాదు. ఇంటికి రాగానే గోరువెచ్చని నీళ్లతో, అంటే చేయి పెడితే హాయిగా ఉండే వేడితో, పారే నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించాలి. సగం శ్రమ ఇక్కడే తీరిపోతుంది.

తర్వాత వేడి నీళ్లు, సోడా. లీటరు నీళ్లకు సుమారు 5 గ్రాముల వాషింగ్ సోడా, అంటే బట్టలుతికే సోడా, చేయి భరించగలిగినంత వేడి నీళ్లలో కలిపి, పొడవు పిడి ఉన్న నైలాన్ బ్రష్‌తో రుద్దాలి. చేతులకు రబ్బరు గ్లవుజులుంటే మంచిది. సోడా వెన్నను, మాంసకృత్తులను వదిలిస్తుంది. ఒంటి సబ్బు, బట్టల సబ్బు వద్దు. బోరు నీళ్లలోని సున్నంతో సబ్బు కలిసి తెట్టులా గోడకే అంటుతుంది, పైగా సబ్బు వాసనను పాలలోని వెన్న పట్టేసుకుంటుంది. ఇసుక, ఇనుప పీచు కూడా వద్దు. అవి గీతలు పెడతాయి. ఆ గీతలే రేపటి గారకు పునాది.

అల్యూమినియం క్యాన్ల సంగతి వేరు. సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది. క్యాను నల్లబడుతుంది, లోపల గుంటలు పడతాయి. వాటికి పాత్రలు తోమే లిక్విడ్‌ను పల్చగా కలిపి వాడితే చాలు. బ్లీచింగ్ కూడా వాటికి చేటే. వాటిని మరిగే నీళ్లతోనే శుద్ధి చేయాలి, అదీ శుభ్రంగా కడిగిన తర్వాతే.

మళ్లీ మంచి నీళ్లతో జాడించాక మూత తీసి, క్యానును నేల మీద కాకుండా చెక్క బల్ల మీదో ఇనుప స్టాండు మీదో బోర్లించాలి. నేల మీద బోర్లిస్తే లోపలి తేమ బయటికి పోదు. గాలి ఆడాలి, తడి ఆరాలి. సూక్ష్మజీవులకు తేమ లేకపోతే పెరుగుదల లేదు. ఎండ తగిలితే ఇంకా మేలు.

ఇక శుద్ధి. ఇది పాలు పితకడానికి కొద్దిసేపు ముందు చేయాలి. రాత్రి చేసి పెట్టుకుంటే పొద్దుటికి మళ్లీ మొదటికే వస్తుంది. బ్లీచింగ్ పౌడరులో క్లోరిన్ సుమారు 30 శాతం ఉంటుంది, అదీ తాజాదైతే. 10 లీటర్ల నీళ్లకు 7 గ్రాములు కలిపి, తేటను వడకట్టి వాడితే స్టీలు క్యానుకు సరిపోయే బలం వస్తుంది. క్యాను లోపల అంతా తడిసేలా తిప్పి, రెండు నిమిషాలు ఉంచి పారబోసి, మంచి నీళ్లతో జాడించి వంపాలి. పౌడరు డబ్బా మూత లేకుండా ఉంటే క్లోరిన్ ఎగిరిపోతుంది. వాసన లేని పౌడరు సున్నం ముద్దే. ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. క్లోరిన్ మురికిని తీయదు, సూక్ష్మజీవిని చంపుతుంది. గార మీద క్లోరిన్ పోస్తే అది పాల పొరతో తలపడి అక్కడే ఖర్చయిపోతుంది, లోపల దాక్కున్నవి బతికే ఉంటాయి. వెనక్కి వచ్చిన క్యానులో రెండు రెట్లు బ్లీచింగ్ పోసినా మార్పు రాలేదని ఈ ఇంట్లోవాళ్లు చెప్పింది అందుకే.

సోడా వెన్నకూ మాంసకృత్తులకూ మందు. ఖనిజ గారకు మాత్రం ఆమ్లం కావాలి. మన పెద్దలు ఇత్తడి చెంబులకు చింతపండు రుద్దింది పనిలేక కాదు. స్టీలు క్యానుకు వారానికోసారి నిమ్మ ఉప్పు చాలు. లీటరు గోరువెచ్చని నీళ్లకు 10 గ్రాములు కలిపి, గోడ అంతా తడిసేలా పోసి, 15 నుంచి 20 నిమిషాలు ఉంచి బ్రష్‌తో రుద్దితే గార మెత్తబడి వదులుతుంది. బోరు నీళ్లు ఉప్పుగానో చౌడుగానో ఉన్న ఊళ్లలో వారానికి రెండుసార్లు చేయాలి. నిమ్మ ఉప్పు కానీ, వెనిగర్ కానీ బ్లీచింగ్‌తో ఒకేసారి ఎప్పుడూ కలపకూడదు. అలా కలిపితే ఊపిరితిత్తులను దెబ్బతీసే క్లోరిన్ వాయువు వస్తుంది. ఆమ్లం పూర్తిగా జాడించి పోయాకే, వేరే సమయంలో బ్లీచింగ్ పట్టాలి.

గార ఉందో లేదో కంటితో తెలియనప్పుడు కూడా తెలుసుకోవడానికి దారులున్నాయి. కడిగి ఆరిన క్యాను లోపల కొద్దిగా నీళ్లు పోసి గోడ వెంట జారనివ్వాలి. శుభ్రమైన స్టీలు మీద నీళ్లు ఒకే పలకలా పారతాయి. పొర ఉంటే నీళ్లు చిట్లి బొట్లుబొట్లుగా విడిపోతాయి. మరొకటి, కడిగిన క్యానుకు మూత పెట్టి గంట తర్వాత తెరిచి ముక్కు పెట్టి చూడాలి. పుల్లటి వాసన, పాచి వాసన వచ్చిందంటే ఎక్కడో మిగిలింది. ఆ మిగిలేది ఎక్కువగా మెడ కింద, మూత అంచు మడతలో, రబ్బరు వాచరు గాడిలో, పిడి అతికించిన చోట, గుంటపడిన చోట. వేలు పెట్టి రుద్దితే అక్కడ గరుకు తగులుతుంది. రబ్బరు వాచరును రోజూ ఊడదీసి కడగాలి, పగుళ్లు వచ్చినదాన్ని పారేయాలి. ప్లాస్టిక్ బకెట్ కూడా అంతే, దాని గీతలు కళ్లకు కనిపించవు కానీ సూక్ష్మజీవులకు సరిపోతాయి.

పై ఇంటి సంగతికి వస్తే, రెండో క్యానుకు నిమ్మ ఉప్పు రెండుసార్లు పట్టించి మెడ చుట్టూ ఉన్న గారను వదిలించారు. రాత్రి ఎంత ఆలస్యమైనా రాగానే జాడించడం మొదలుపెట్టారు. ఆ మార్పు వారంలోనే కనిపించింది. అయినా ఒకటి రెండుసార్లు పాలు తేడా చేశాయి. ఈసారి క్యాను మీద కాకుండా, వడకట్టే బట్ట మీద చూపు పడింది. దాన్ని పిండి, మూలనున్న గిన్నెలో తడిగానే వదిలేస్తున్నారు. రోజూ సోడా నీళ్లలో మరిగించి, జాడించి, ఎండలో ఆరేయడంతో అదీ ఆగింది.

ఇన్నీ చేసినా పాలు విరుగుతుంటే కడగడంలో వెతికి లాభం లేదు. పొదుగు వాపు ఉందేమో చూడాలి. ఆరోగ్యంగా కనిపించే గేదె పాలలోనూ అది దాగి ఉంటుంది. పితికి చల్లబరిచే కేంద్రానికి చేరడానికి రెండు మూడు గంటలు పడుతుంటే, చల్లటి నీళ్ల తొట్టిలో క్యాను నిలబెట్టడమే దారి. పాలు పులిసే సూచన కనపడగానే చిటికెడు వంట సోడా కలిపి పరీక్ష గట్టెక్కే అలవాటు కొన్ని చోట్ల ఉంది. అది కల్తీ. కేంద్రంలో పరీక్షిస్తే బయటపడుతుంది, పైగా పుల్లబడిన పాలు పుల్లబడిన పాలే.