వెయ్యిమంది పిల్లలు, నలభై బళ్లు

1976లో ఇంగ్లండ్‌లో నెవిల్ బెనెట్ పుస్తకం ఒకటి పెద్ద దుమారం లేపింది. పిల్లలకు స్వేచ్ఛనిచ్చే కొత్త పద్ధతి కన్నా, పాత పద్ధతి బోధనలోనే ప్రాథమిక తరగతుల పిల్లలు ముందుంటున్నారని ఆయన తేల్చారు. 1981లో ముర్రే ఐట్కిన్ బృందం అవే మార్కులను మళ్లీ లెక్కగట్టింది. ఈసారి ఏ పిల్లవాడు ఏ తరగతి గదిలో చదివాడో కూడా చూసింది. పద్ధతుల మధ్య తేడా ఉందని గట్టిగా చెప్పే ఆధారం మిగల్లేదు.

మొదటి లెక్క ప్రతి పిల్లవాణ్ణీ ఒక విడి సాక్షిగా తీసుకుంది. కానీ ఒకే గదిలో కూర్చునే పిల్లలకు టీచరు ఒకరే. చాలాసార్లు ఊరూ ఒకటే, ఇళ్లలో చదువుకున్న వాతావరణమూ దగ్గరదగ్గరే. అందుకే వాళ్ల మార్కులు కొంత కలిసి పెరుగుతాయి, కలిసి తగ్గుతాయి. ఆ పోలికను కొలిచేదే ఇంట్రాక్లాస్ కోరిలేషన్. మార్కుల్లోని మొత్తం హెచ్చుతగ్గుల్లో బడికీ బడికీ మధ్య తేడా వాటా ఎంతో అది చెబుతుంది. సున్నా అయితే ఏ బడి అన్నది లెక్కలోకి రాదు. ఒకటి అయితే ఒక బడిలో అందరి మార్కూ ఒకటే, ఒక్కరిని పరీక్షిస్తే చాలు.

నలభై బళ్లలో, బడికి 25 మంది చొప్పున వెయ్యిమందికి పరీక్ష పెట్టామనుకుందాం. ఈ విలువ 0.2 అనుకుందాం. 25లోంచి ఒకటి తీసేసి 0.2తో హెచ్చవేస్తే 4.8, దానికి ఒకటి కలిపితే 5.8. వెయ్యిని దానితో భాగిస్తే సుమారు 172. అంటే, సగటు మార్కు తేల్చే విషయంలో ఈ వెయ్యిమంది ఇచ్చే సమాచారం, విడివిడిగా ఎంచిన 172 మంది ఇచ్చేదానితో సమానం. ఇది పట్టించుకోకపోతే కాకతాళీయమైన తేడా కూడా కచ్చితమైన ఫలితంలా కనిపిస్తుంది.

అవే బళ్లలో 50 మంది చొప్పున రెండు వేలమందిని పరీక్షించినా 172 కాస్తా 185 దాకానే వెళ్తుంది. బళ్లను 80 చేసి, 25 మంది చొప్పునే తీసుకుంటే 345 అవుతుంది. నన్నడిగితే, సర్వే డబ్బును కొత్త బడికి వెళ్లే జీపు మీద పెట్టడమే మేలు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో టీచర్ల బోనస్‌పై కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన అధ్యయనంలో ఈ జాగ్రత్త ఉంది. బోనస్ ఎవరికన్నది బడుల వారీగా లాటరీ తీసి తేల్చారు. ఒక్కో రకం బోనస్‌కు వంద బళ్లు, పోల్చడానికి బోనస్ లేని మరో వంద. ఫలితాల్లోని అనిశ్చితినీ బడి స్థాయిలోనే లెక్కగట్టారు.

నివేదికలో పిల్లల సంఖ్య పక్కనే బళ్ల సంఖ్య, ఈ విలువ, ఏ పరీక్ష నుంచి వచ్చిందో కూడా రాయాలి. లెక్కల మార్కులకు వచ్చిన విలువ భాష మార్కులకు సరిపోకపోవచ్చు. పిల్లల పాత మార్కులను లెక్కలోకి తీసుకుంటే అది చాలాసార్లు తగ్గుతుంది కూడా. ఐదారు బళ్లే ఉన్నచోట మాత్రం ఆ విలువే నిలకడగా తేలదు.