పాటలో ఖాళీ ఎంత?

మూడేళ్ల పిల్లచేత ఏబీసీడీ పాట పాడించి చూడండి. 'కె' దాకా బాగానే నడుస్తుంది. ఆ తర్వాత 'ఎలెమెనోపీ' అని ఒకే మాటగా దొర్లిపోతుంది. తప్పు పిల్లది కాదు, బాణీది. ఆ ఐదు అక్షరాలనూ అక్కడ రెట్టింపు వేగంతో ఇరికించారు. 1835లో అమెరికాలోని బోస్టన్‌లో అచ్చయిన నాటి నుంచీ ఆ ఇరుకు అలాగే ఉంది.

చిన్నపిల్లల అక్షరాల బొమ్మల పాటకు ప్రాణం రంగుల్లో కంటే ఖాళీలో ఉంటుంది. ఈ సంగతి 1969లో మొదలైన 'సెసమి స్ట్రీట్' కార్యక్రమం తయారీలో తేటగా బయటపడింది. జేమ్స్ ఎర్ల్ జోన్స్ అనే నటుడు (తర్వాత 'స్టార్ వార్స్'లో డార్త్ వేడర్‌కు గొంతు ఇచ్చింది ఆయనే) అందులో అక్షరమాల చదివారు. ముందు అక్షరం తెరమీద కనిపిస్తుంది. కాసేపాగి ఆయన పలుకుతారు. మళ్లీ మౌనం. ఇరవయ్యారు అక్షరాలకు దాదాపు నిమిషంన్నర పట్టింది. పెద్దలకు విసుగే! పిల్లలు మాత్రం మొదట ఆయన తర్వాత పలికారు. మళ్లీ మళ్లీ చూశాక, అక్షరం కనబడగానే ఆయన నోరు విప్పేలోపే చెప్పేశారు.

అంటే అక్షరానికి సుమారు మూడున్నర సెకన్లు. ఈ లెక్కన మన యాభై ఆరు అక్షరాలకూ మూడు నిమిషాలు దాటుతుంది, ఒక్కొక్కటీ ఒక్కసారే వినిపిస్తుంది. అందుకే ఒక పాటకు అ, ఆ, ఇ, ఈ చాలు. ఒక చుట్టు పద్నాలుగు సెకన్లు, నాలుగు చుట్లు తిరిగినా నిమిషంలోపే. ప్రతి చుట్టులోనూ అమ్మ అదే చీరలో, ఆవు అదే మూల నుంచి రావాలి. కొత్తదనం కోసం రెండో చుట్టులో ఆవు రంగు మార్చారో, పిల్ల కళ్లు అక్షరాన్ని వదిలి ఆవు వెంట పోతాయి.

బొమ్మ గీసేవాళ్లకు తెలుగులో ఇంకో చిక్కుంది. ఇంగ్లిష్ 'బి'కి కాళ్లూ టోపీ తగిలించినా పెద్ద నష్టం లేదు. మన 'ద'కు, 'ధ'కు తేడా అడుగునున్న చిన్న గీతే. 'ద'కు కాళ్లు పెట్టి గంతులేయించారంటే పిల్ల కంటికి అది 'ధ' కావచ్చు. టోపీ పెడితే తలకట్టు మాయం. నేనైతే అక్షరాన్ని కదలనివ్వను. సాదా నేలమీద ఒకే ముదురు రంగులో, తెర సగానికి పైగా నిండేలా నిలబెడతాను. గంతులన్నీ పక్కనున్న ఆవుకు వదిలేస్తాను.

మీ ఇంట్లో పిల్ల చూసే పాటను పరీక్షించడం తేలికే. నాలుగైదు రోజులు చూశాక ఒకసారి శబ్దం ఆపేసి తెర మాత్రం నడవనివ్వండి. అక్షరం రాగానే పిల్ల నోరు కదిలితే ఆ పాట ఉంచండి. ఊరికే చూస్తూ కూర్చుంటే ఇంకోటి వెతకండి.