పూటను బట్టి పలకరింపు

ఇటలీలో కాఫీ తాగే చోటును ‘బార్’ అంటారు. పేరు చూసి జంకనక్కర్లేదు, పొద్దున్నే ఆఫీసులకు వెళ్లేవాళ్లూ పెద్దవాళ్లూ అందరూ అక్కడే నిలబడి కాఫీ తాగుతారు. కొత్తగా దిగిన యాత్రికుడు లోపలికి వెళ్లగానే నేరుగా కాఫీ అడిగేస్తాడు. కాఫీ వస్తుంది, చిరునవ్వు మాత్రం రాకపోవచ్చు. ఎందుకంటే అక్కడ బేరం కంటే ముందు పలకరింపు ఉండాలి. ‘బువోంజోర్నో, ఉన్ కఫ్ఫే, పెర్ ఫవోరే’ అనాలి. అంటే శుభోదయం, ఒక కాఫీ, దయచేసి అని. చెప్పులు కొన్నా, మందుల దుకాణానికి వెళ్లినా, లిఫ్టులో పక్కింటివాళ్లు ఎదురైనా ఇదే పద్ధతి.

మనకు నమస్కారం ఏ పూటకైనా నమస్కారమే. ఇటలీలో అలా కుదరదు. పొద్దున లేచింది మొదలు బువోంజోర్నో. సాయంత్రానికి అది ‘బువోనసేరా’ అవుతుంది. ఈ మార్పు సరిగ్గా ఎప్పుడంటే ఇటలీవాళ్లే ఒక మాట మీద ఉండరు. ఫ్లారెన్స్ ఉన్న టస్కనీలోనూ, సార్డీనియా దీవిలోనూ మధ్యాహ్న భోజనం కాగానే బువోనసేరా మొదలవుతుంది. ఎండ మాడ్చేస్తున్నా సరే, అక్కడ అది సాయంత్రం కిందే లెక్క. ఉత్తరాన మిలాన్ వైపు సాయంత్రం అయిదు దాకా కూడా బువోంజోర్నో వినిపిస్తుంది. మధ్యాహ్నానికి ‘బువోన్ పొమెరిజ్జో’ అనే మాట ప్రత్యేకంగా ఉంది కానీ, అది ఎక్కువగా టీవీలోనూ సభల్లోనూ వినబడేదే. వీధిలో అంటే కాస్త పుస్తకాల భాషలా ఉంటుంది.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది రాత్రిపూట. తొమ్మిది గంటలకు భోజనానికి హోటల్లోకి అడుగుపెడుతూ ‘బువోననొత్తే’ అంటే వడ్డించే అతను తెల్లబోతాడు. అది శుభరాత్రి, పడుకోబోయేముందు చెప్పే మాట. ఎంత చీకటి పడినా లోపలికి వెళ్లేటప్పుడు బువోనసేరాయే. తిని బయటికి వచ్చేటప్పుడు ‘బువోనా సెరాతా’, అంటే మీ సాయంత్రం హాయిగా గడవాలని. పగటిపూట సెలవు తీసుకునేటప్పుడు ఇదే ‘బువోనా జొర్నాతా’ అవుతుంది. పూట గుర్తురాకపోతే ‘అర్రివెదేర్చి’, మళ్లీ కలుద్దాం, ఎప్పుడైనా చెల్లుతుంది.

మరి ప్రపంచమంతా ఎరిగిన ‘చావో’ సంగతి? తెలుగు చెవికి కొంచెం ఉలికిపాటే గానీ, స్నేహితుల మధ్య వచ్చేటప్పుడూ వెళ్లేటప్పుడూ రెంటికీ అదే. పిల్లలతో, ఈడువాళ్లతో నిక్షేపంగా అనొచ్చు. బ్యాంకు గుమాస్తాతోనో, ఇల్లు అద్దెకిచ్చిన పెద్దావిడతోనో మొదటిసారే అంటే చనువు ఎక్కువైనట్టు ఉంటుంది. ఈ తేడా మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. మన నువ్వు, మీరు లాగే వాళ్లకు ‘తూ’, ‘లేయ్’ ఉన్నాయి. ‘ఎలా ఉన్నావ్’కి ‘కోమె స్తాయ్’, ‘ఎలా ఉన్నారు’కి ‘కోమె స్తా’. క్షమించమని దారి అడగాలన్నా, కుర్రాడిని ‘స్కూజా’ అని, పెద్దవారిని ‘స్కూజి’ అని పిలవాలి. 1938లో ముస్సోలినీ ప్రభుత్వం లేయ్ మానేసి ‘వోయ్’ అనమని హుకుం జారీ చేసింది. ప్రభుత్వం పడిపోయింది, లేయ్ నిలిచింది. నేపుల్స్ వైపు పెద్దల నోట వోయ్ ఇప్పటికీ వినిపిస్తుంది, అది మాత్రం అంతకు చాలా ముందునుంచీ అక్కడ ఉన్న వాడుకే.

పరిచయాలు తేలిక. చేయి కలిపి ‘పియచేరే’ (సంతోషం) అని తన పేరు చెబితే చాలు. పెద్దవాళ్లు తామే ‘తూ అనుకుందాం’ అనేదాకా లేయ్‌తోనే ఉండటం మర్యాద.

వీటన్నిటికంటే పనికొచ్చేది ‘ప్రేగో’. ‘గ్రాత్సియే’ అని కృతజ్ఞత చెబితే బదులు ప్రేగో. తలుపు దగ్గర ముందు మీరు వెళ్లండి అన్నా, దుకాణంలో ఏం కావాలని అడిగినా, కూర్చోమన్నా ప్రేగోనే. చేతి సైగను బట్టి అర్థం తెలిసిపోతుంది. ఎవరింటికైనా భోజనానికి పిలిస్తే తలుపు తీసే ఉన్నా గడప దగ్గర ఆగి ‘పెర్మెస్సో?’ అనాలి, లోపలికి రావచ్చా అని. అటునుంచి ‘అవాంతీ’ అనో ప్రేగో అనో వినిపించాక అడుగు వేయాలి. కిక్కిరిసిన బస్సులో దిగడానికి దారి అడిగేదీ ఈ పెర్మెస్సోతోనే.

మధ్యాహ్నం మూడింటికి బువోంజోర్నో అనాలో బువోనసేరా అనాలో తేలకపోతే ‘సాల్వే’ అనేయండి. దానికి పూటతో పనిలేదు, చావో అంత చనువూ ఉండదు. లేదా ఒక్క క్షణం ఆగి, కొట్టువాడు ఏమంటే అదే తిరిగి అనండి.