ముందే కట్టిన రైలు ఛార్జీ

పెనుకొండ స్టేషన్‌లో హిందూపురానికి జనరల్ టికెట్ కొనేవాళ్లు ఫోన్‌తో రెండు రకాలుగా డబ్బు కట్టొచ్చు. టికెట్ తీసుకునేటప్పుడే యూపీఐ ద్వారా బ్యాంకు ఖాతా నుంచి కట్టడం ఒకటి. ముందే కొంత డబ్బు వేసి ఉంచుకున్న రైల్వే ఆర్-వాలెట్‌లోంచి కట్టడం రెండోది. రెండింటిలోనూ చేతికొచ్చేది ఒకే టికెట్. కానీ డబ్బు వెళ్లే దారి వేరు, ఇబ్బంది వచ్చే చోటు కూడా వేరు.

ఆర్-వాలెట్ క్లోజ్డ్ వాలెట్ రకానికి చెందింది. ఎవరు ఈ వాలెట్ ఇచ్చారో వాళ్ల దగ్గరే అందులోని డబ్బు చెల్లుతుంది. దానితో రైలు టికెట్ కొనొచ్చు కానీ స్టేషన్ బయట టీ కొట్టులో టీ తాగలేం, ఇంకొకరి ఖాతాకు పంపలేం, ఏటీఎంలో తీసుకోలేం. మూడో మనిషికి చెల్లింపు జరగదు కాబట్టి రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టు 27న ఇచ్చిన ప్రీపెయిడ్ నిబంధనలు ఇలాంటివాటిని చెల్లింపు వ్యవస్థగా లెక్కించవు. వీటిని నడపడానికి రిజర్వ్ బ్యాంకు అనుమతి అక్కర్లేదు. బయటి దుకాణాల్లో చెల్లే వాలెట్లకు మాత్రం ఆ అనుమతి తప్పనిసరి.

నేరుగా బ్యాంకు నుంచి కట్టేటప్పుడు ఏం జరుగుతుందో ముందు చూడాలి. ప్రయాణికుడు యాప్‌లో పిన్ కొట్టగానే ఆ అభ్యర్థన యాప్ వెనకున్న బ్యాంకుకూ, అక్కడి నుంచి నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ స్విచ్‌కూ, ఆ తర్వాత ఖాతా ఉన్న బ్యాంకుకూ వెళుతుంది. ఆ బ్యాంకు పిన్ సరిచూసి, నిల్వ ఉందో లేదో చూసి, ఖాతాలో డెబిట్ వేస్తుంది. తర్వాత రైల్వే తరఫు బ్యాంకులో జమ పడాలి, ఆ కబురు టికెట్ ఇచ్చే సర్వర్‌కు చేరాలి. అంతా బాగుంటే కొన్ని సెకన్ల పని. డెబిట్ పడ్డాక ఈ గొలుసులో ఏ ఒక్క లంకె జారినా ఖాతాలో డబ్బు తగ్గుతుంది, టికెట్ మాత్రం రాదు. అప్పటికే రైలు ప్లాట్‌ఫామ్ మీదకు వస్తూ ఉంటుంది.

వాలెట్ నుంచి కట్టేటప్పుడు ఈ గొలుసు ఉండదు. రైల్వే సర్వర్ తన ఖాతా పుస్తకంలోనే ఆ ఫోన్ నంబరు ఎదుట ఉన్న నిల్వలోంచి ఛార్జీ తీసేసి టికెట్ ఇస్తుంది. ఏ బ్యాంకునూ అడగదు, ఎందుకంటే డబ్బు అప్పటికే రైల్వే చేతిలో ఉంది. ఇంటర్నెట్ ఎలాగూ కావాలి, కానీ ఫోన్‌కూ రైల్వే సర్వర్‌కూ మధ్య మాట కుదిరితే చాలు. యూపీఐ పిన్ కూడా అక్కర్లేదు, యాప్‌లోకి వెళ్లే ఎమ్‌పిన్ సరిపోతుంది. దీంట్లో కొంత ప్రమాదమూ ఉంది. తెరిచి ఉన్న యాప్‌తో ఫోన్ పరాయి చేతిలో పడితే వాలెట్‌లో ఉన్నంత మేరకు టికెట్లు కొనేయొచ్చు. నష్టం మాత్రం ఆ నిల్వతోనే ఆగిపోతుంది, బ్యాంకు ఖాతా దాకా పోదు.

అయితే బ్యాంకుల గొలుసు పూర్తిగా మాయం కాలేదు, లోడ్ చేసే సమయానికి మారింది. రీఛార్జ్ కోసం యూపీఐ, కార్డు లేదా నెట్ బ్యాంకింగ్ వాడితే పైన చెప్పిన దారంతా అప్పుడే నడుస్తుంది. తేడా ఏమిటంటే, ఆ పని ముందురోజు రాత్రి ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. ఏదైనా చిక్కు వచ్చినా రైలు తప్పిపోదు. క్లోజ్డ్ వాలెట్ ఇచ్చే అసలు సౌకర్యం ఇదే. అన్‌రిజర్వ్‌డ్ టికెట్ల యూటీఎస్ వ్యవస్థలో ఇంకో దారి కూడా పెట్టారు. స్టేషన్ టికెట్ కౌంటర్‌లో ఫోన్ నంబరు చెప్పి, నగదు ఇచ్చి వాలెట్ నింపించుకోవచ్చు. సంతలో అమ్మిన డబ్బు చేతిలో ఉన్న మనిషికి మధ్యలో బ్యాంకు ఖాతాతో పనే ఉండదు.

డబ్బు తగ్గింది, టికెట్ రాలేదు అనే చిక్కులాంటిదే లోడ్ చేసేటప్పుడు కూడా వస్తుంది. బ్యాంకు నుంచి 500 రూపాయలు డెబిట్ అయినట్టు మెసేజ్ వస్తుంది, వాలెట్‌లో మాత్రం పాత నిల్వే కనిపిస్తుంది. బ్యాంకు మెసేజ్ డబ్బు ఖాతా దాటిందని మాత్రమే చెబుతుంది. అది చేరిందో లేదో వాలెట్ నిల్వలోనూ, యాప్‌లోని రీఛార్జ్ చరిత్రలోనూ చూడాలి. వెంటనే మళ్లీ లోడ్ చేయకపోవడం మేలు, ఎందుకంటే మొదటిది ఆలస్యంగా జమైతే రెట్టింపు డబ్బు అందులో ఇరుక్కుంటుంది. యూపీఐ లావాదేవీకి ఉండే 12 అంకెల నంబరు రాసి పెట్టుకుంటే ఫిర్యాదుకు పనికొస్తుంది. 2019 సెప్టెంబరు 20న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, వ్యాపారికి యూపీఐతో కట్టిన డబ్బు ఖాతాలో తగ్గి అవతలివైపు ధ్రువీకరణ అందకపోతే, ఆ రోజు తర్వాత ఐదు రోజుల్లోగా దానంతటదే తిరిగి రావాలి. ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి.

ఇక లాభనష్టాల లెక్క. యూటీఎస్ యాప్‌లో వాలెట్‌ను వందల లెక్కన నింపాల్సి వచ్చేది. వేసినదాని మీద 3 శాతం బోనస్ అప్పుడే కలిసేది. 500 వేస్తే నిల్వ 515 అవుతుంది. వారానికి రెండు మూడుసార్లు ప్రయాణించే మనిషికి టికెట్ 35 రూపాయలు అనుకుందాం. 515తో 14 టికెట్లు వస్తాయి, 490 ఖర్చవుతుంది, 25 మిగులుతుంది. బోనస్ లేకుండా 500తోనూ 14 టికెట్లే వచ్చేవి. అంటే మొదటి విడతలో బోనస్ వల్ల అదనంగా ఒక్క ప్రయాణం కూడా రాలేదు, మిగులు మాత్రమే పెరిగింది. ఆ 25తో టికెట్ రాదు, దాన్ని బయటా వాడుకోలేం. మళ్లీ 500 వేస్తే నిల్వ 540. అందులోంచి 15 టికెట్లు వస్తాయి, 15 రూపాయలు మిగులుతాయి. మొత్తం 29 టికెట్లకు బ్యాంకు నుంచి నేరుగా కడితే 1,015 అయ్యేది. వాలెట్‌లో వేసింది వెయ్యే. బోనస్‌గా వచ్చిన 30లో సగం ప్రయాణంగా చేతికందింది, సగం ఇంకా లోపలే ఉంది.

2025 జూలైలో రైల్వన్ యాప్ వచ్చాక కూడా ఆర్-వాలెట్‌కు 3 శాతం ప్రయోజనం కొనసాగింది. 2026 జనవరి 14 నుంచి ఆరు నెలలపాటు ఆ యాప్‌లో ఇతర డిజిటల్ పద్ధతుల్లో కొనే జనరల్ టికెట్లకూ 3 శాతం రాయితీ ప్రకటించారు. రాయితీ రెండువైపులా సమానమైనప్పుడు డబ్బు పరంగా వాలెట్‌కు ఉన్న పైచేయి పోతుంది, వేగమూ నమ్మకమూ మాత్రమే మిగులుతాయి.

వాలెట్‌లో ఉన్న డబ్బు పొదుపు కూడా కాదు. బ్యాంకు పొదుపు ఖాతాలోని నిల్వకు రోజువారీ లెక్కన వడ్డీ వస్తుంది, ఒక్కో బ్యాంకులో ఒక్కో ఖాతాదారుకు 5 లక్షల వరకు డిపాజిట్ బీమా ఉంటుంది. వాలెట్‌లోకి మారిన క్షణం నుంచి ఆ రెండూ ఉండవు. వడ్డీ ఇవ్వని ముందస్తు ఛార్జీగా అది రైల్వే దగ్గర ఉంటుంది. వెనక్కి కావాలంటే యూటీఎస్ కౌంటర్‌కు వెళ్లి వాలెట్‌ను సరెండర్ చేయాలి. బ్యాంకు పాస్‌బుక్‌లో కూడా ప్రయాణాలేవీ కనిపించవు, ఒకే ఒక్క 500 రూపాయల పద్దు ఉంటుంది. ఏ రోజు ఎక్కడికి టికెట్ తీసుకున్నారో తెలుసుకోవాలంటే యాప్‌లోని చరిత్రే దిక్కు.

అందుకే ఎంత వేయాలన్నది ప్రయాణాల సంఖ్యను బట్టి ఉంటుంది. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం లైను మీద వారం వారం తిరిగేవారికి నెల ఛార్జీకి సరిపడా వేసుకోవడం లాభమే, మిగులు వచ్చే నెల టికెట్లలో కలిసిపోతుంది. తనకల్లు వైపు నుంచి కదిరి మీదుగా ధర్మవరానికి ఏడాదికి రెండుసార్లు వచ్చేవారికి యూపీఐ నయం. వాళ్ల డబ్బు వడ్డీ లేకుండా నెలల తరబడి రైల్వే పుస్తకంలో పడి ఉండదు.