పొగ లాగని ఫ్యాన్

హోటల్ వంటింట్లో హుడ్ పెట్టించి, డక్టు బిగించి, పెట్టె మీద "2,100 సీఎఫ్ఎం" అని రాసి ఉన్న ఫ్యాన్ తెచ్చినా పొగ గదిలోనే సుడులు తిరుగుతుంటే తప్పు ఫ్యాన్‌ది కాకపోవచ్చు. అలాంటి అంకె చాలాసార్లు ముందు ఏ అడ్డూ లేకుండా తిప్పి చూసినది. గోడ కన్నంలో పెట్టే రెక్కల ఫ్యాన్‌కి అది చాలు. ఫిల్టరు, మలుపులు, పొడవాటి డక్టు తగిలించాక ఎంత ఒత్తిడి దగ్గర ఎంత గాలి ఇస్తుందన్నదే లెక్క.

ఒక వంటింటికి సెకనుకు 1 ఘనపు మీటరు గాలి కావాలనుకుందాం. అంటే సుమారు 2,100 సీఎఫ్ఎం. డక్టు కోత వైశాల్యం 0.1 చదరపు మీటరైతే గాలి సెకనుకు 10 మీటర్ల వేగంతో పోతుంది. హుడ్ నుంచి డక్టు చివరి దాకా దారిలో ఖర్చయ్యే ఒత్తిడి 240 పాస్కల్స్ అనుకుందాం. మేస్త్రీల భాషలో సుమారు 24 మిల్లీమీటర్ల నీళ్లు.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. డక్టు దాటి బయటపడే గాలి ఆ వేగాన్ని కూడా వెంట పట్టుకుపోతుంది. వేగానికి చెందిన ఆ ఒత్తిడి 60 పాస్కల్స్. అదీ ఫ్యాన్ ఇవ్వాల్సిందే, కాబట్టి మొత్తం 300. డక్టు గోడకు చిన్న బెజ్జం చేసి నీళ్ల గొట్టం కలిపితే తెలిసేది స్టాటిక్ ప్రెషర్. గాలికి ఎదురుగా మూతి తిప్పిన గొట్టం చూపించేది టోటల్ ప్రెషర్. మన డక్టులో రెండింటికీ తేడా సుమారు 6 మిల్లీమీటర్లు ఉంటుంది.

ఫ్యాన్ మూతి డక్టు సైజులోనే ఉంటే, కేటలాగులో టోటల్ 300 అయినా, స్టాటిక్ 240 అయినా మనకు ఒకటే ఫ్యాన్. టోటల్ 240 ఉన్నదాన్ని స్టాటిక్ అనుకుని కొంటే మాత్రం గాలి దాదాపు పదో వంతు తగ్గుతుంది.

"పుల్లీ మార్చి స్పీడు పెంచేద్దాం" అంటారు. డక్టు ఎదురు గాలి పరిమాణానికి వర్గంగా పెరుగుతుంది. 20 శాతం ఎక్కువ గాలి కావాలంటే ఒత్తిడి 300 నుంచి 432కి చేరాలి. మోటారు మీద భారమైతే ఏకంగా 73 శాతం పెరుగుతుంది. ఫ్యాన్ సామర్థ్యం 50 శాతమైతే మొదట 600 వాట్లు చాలు, 1 హెచ్‌పీ మోటారు హాయిగా లాగేస్తుంది. ఇప్పుడు 1,000 వాట్లు దాటింది. ఓవర్‌లోడ్ రిలే పడిపోవడం ఖాయం, రిలే లేకపోతే వైండింగ్ కాలుతుంది. అంతకంటే ఒక అనవసరమైన మలుపు తీసేయడమో, డక్టు వెడల్పు చేయడమో చవక.

జిడ్డు పట్టిన ఫిల్టరుదీ ఇదే కథ. అదే గాలికి ఎదురు పెరుగుతుంది, గాలి తగ్గుతుంది. విచిత్రమేమిటంటే, వంటిళ్లలో వాడే సెంట్రిఫ్యూగల్ బ్లోయరుకు ఆ సమయంలో ఆంపియర్లు పెరగవు, సాధారణంగా తగ్గుతాయి. తక్కువ గాలి కదిపితే పని కూడా తక్కువే కదా. టాంగ్ టెస్టర్ పెట్టి "లోడు తక్కువే, ఫ్యాన్ బాగానే ఉంది" అనుకుంటే పొరపాటే. కొత్త ఫిల్టరు ఉన్న రోజునే ఆంపియర్లు రాసి పెట్టుకుంటే, తర్వాత ఆ అంకె ఎంత పడిందో చూసి ఫిల్టరు కడగాలో లేదో చెప్పేయొచ్చు.